అక్క ఫోనులో 27 జీబీలు

ఫోను నిండిపోయిందని తెర మీద కనపడగానే మనలో చాలామంది చేసే మొదటి పని ఫొటోలు చెరిపెయ్యడం. గ్యాలరీ తెరిచి, ఇది ఉండనిద్దాం, ఇది పోతే పోయింది అనుకుంటూ ఒక్కొక్కటీ తీసేస్తాం. పిల్లాడి పుట్టినరోజు ఫొటోలు పది ఉంటే రెండు మిగులుస్తాం. ఊరి చెరువు ఫొటో ఎందుకులే అని తీసేస్తాం. అంతసేపూ మనం ఫొటోలో ఏముందనే చూస్తాం కానీ, ఆ ఫొటో అంత చోటు ఎందుకు తీసుకుందని అడగం. నాకు ఈ ప్రశ్న మీద చాలాకాలంగా ఆసక్తి. ఎందుకంటే ఒకే దృశ్యాన్ని, ఒకే కెమెరాతో, ఒకే వెలుగులో తీసినా, ఫోను దాన్ని రాసిపెట్టే పద్ధతిని బట్టి అది రెండు ఎంబీలు కావచ్చు, నాలుగు ఎంబీలు కావచ్చు. చెరిపెయ్యాల్సిన జ్ఞాపకాల సంఖ్యను ఆ పద్ధతే తేలుస్తోంది. కాబట్టి దాని లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవడం అవసరమనే నా నమ్మకం.

ముందు అసలు బరువు చూద్దాం. పన్నెండు మెగాపిక్సెళ్ల ఫొటో అంటే అడ్డంగా 4032 చుక్కలు, నిలువుగా 3024 చుక్కలు. మొత్తం ఒక కోటీ 21 లక్షల పైచిలుకు చుక్కలు. ఒక్కో చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలు, ఒక్కో అంకెకు ఒక బైటు. ఉన్నదున్నట్టు రాస్తే ఒక్క ఫొటోకే 36 ఎంబీలు దాటుతుంది. అలా రాసుకుంటూ పోతే 128 జీబీల ఫోనులో మరేమీ లేకపోయినా మూడున్నర వేల ఫొటోలకే చోటు అయిపోతుంది. అందుకే మామూలుగా తీసే ఫొటోను ఏ ఫోనూ అలా దాచదు. మన గ్యాలరీలో ఉన్నవన్నీ కుదించి రాసినవే. జేపెగ్, హెచ్‌ఈఐసీ అనేవి ఆ కుదింపుకు రెండు దారులు.

జేపెగ్ వెనక ఉన్న లెక్కలో మనవాళ్ల చెయ్యి ఉందని చాలామందికి తెలియదు. బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్ అమెరికాలో కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో పనిచేస్తూ 1972లో ఒక ఆలోచనతో పరిశోధన నిధులకు దరఖాస్తు పెట్టుకున్నాడు. అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఇవ్వలేదు. నిధులు లేకపోయినా ఆయన పని ఆపలేదు. తన విద్యార్థి టి. నటరాజన్, టెక్సస్ విశ్వవిద్యాలయపు ఆర్లింగ్టన్ శాఖలో ఆచార్యుడైన కామిశెట్టి రామమోహనరావు తోడుగా దాన్ని పూర్తిచేశాడు. 1974 జనవరిలో వాళ్ల ముగ్గురి పేర్లతో ఓ చిన్న వ్యాసం అచ్చయింది. అందులో చెప్పిన లెక్క పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్. 1992లో జేపెగ్ ప్రమాణం ఖరారైనప్పుడు దాని గుండెకాయ ఆ లెక్కే. ఇవాళ ఏ ఇంట్లో ఏ పాత ఫొటో తెరిచినా ఆ ముగ్గురి పని ఒకసారి నడిచి తీరుతుంది. ఈ సంగతి మన బడి పుస్తకాల్లో ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఆ లెక్క చేసే పని ఇది. మన కంటికి వెలుగునీడల తేడా బాగా తెలుస్తుంది, రంగుల్లో సన్నటి తేడా అంతగా తెలియదు. కాబట్టి జేపెగ్ ముందు వెలుగునూ రంగునూ విడదీస్తుంది. వెలుగును ప్రతి చుక్కకూ రాస్తుంది. రంగును మాత్రం ఫోన్లలో సాధారణంగా నాలుగు చుక్కలకు కలిపి ఒకసారే రాస్తారు. ఈ ఒక్క అడుగుతోనే 36 ఎంబీలు 18 అవుతాయి, చూసేవాళ్లు ఎవరూ పోల్చుకోలేరు. తర్వాత బొమ్మను ఎనిమిది చుక్కల పొడవు, ఎనిమిది చుక్కల వెడల్పు ఉన్న గళ్లుగా కోస్తుంది. ఒక్కో గడిలో ఉన్న 64 వెలుగు అంకెల్ని కొసైన్ లెక్కతో మరో 64 అంకెలుగా మారుస్తుంది. వాటిలో మొదటిది ఆ గడి సగటు వెలుగు. తర్వాతివి మెల్లగా మారే నీడలు, ఆ తర్వాతివి గబగబా మారే సన్నటి గీతలు, నలకలు. కంటికి ఆనని ఆ చివరి అంకెల్ని జేపెగ్ మొరటుగా గుండ్రం చేస్తుంది. చాలావరకు సున్నాలైపోతాయి. వరసగా వచ్చే సున్నాల్ని ఒక్కొక్కటిగా రాయనక్కర్లేదు, ఇన్ని సున్నాలు అని చెబితే చాలు. అలా 18 ఎంబీలు మూడు, నాలుగు ఎంబీలకు దిగుతాయి.

ఇక్కడ గమనించాల్సింది, జేపెగ్‌లో ఏ గడి లెక్క దానిదే. పక్క గడి సగటు వెలుగుతో పోల్చుకోవడం తప్ప ఇరుగుపొరుగుతో దానికి సంబంధం లేదు. వాలుగా గీత ఉన్న గోడను ఫొటో తీస్తే, పక్క గడిలోని గీతే తన లోపలికీ సాగిందని ఈ గడికి తెలియదు. 1992 నాటి కంప్యూటర్ల శక్తికి అంతకన్నా ఎక్కువ అడగడం కుదరదు కూడా. పైగా ఆ సరళత్వమే దాన్ని అన్ని యంత్రాల్లోకీ తీసుకెళ్లింది.

హెచ్‌ఈఐసీ అసలు వీడియోల నుంచి వచ్చింది. 2013లో హెచ్‌ఈవీసీ అనే వీడియో ప్రమాణం వచ్చింది, హెచ్.265 అన్నా అదే. ఆ పద్ధతిలో కుదించిన నిశ్చల చిత్రాల్ని పెట్టుకోవడానికి హెచ్‌ఈఐఎఫ్ అనే పెట్టెను 2015లో ఖరారు చేశారు. ఆ పెట్టెలో హెచ్‌ఈవీసీ బొమ్మ ఉంటే ఫైలు పేరు చివర `.HEIC` అని కనపడుతుంది. 2017 సెప్టెంబరులో ఐఓఎస్ 11తో ఆపిల్ దీన్ని ఐఫోన్ 7 మొదలు ఆ పైవాటిలో ఫొటోలు తియ్యడానికి పెట్టింది. మరుసటి ఏడాది ఆండ్రాయిడ్ 9లో కూడా దీనికి చోటు దొరికింది.

ఈ పద్ధతిలో గడి ఎనిమిది చుక్కలకే ఆగిపోదు. బొమ్మ సాదాగా ఉన్నచోట 64 చుక్కల దాకా పెద్ద గళ్లతో మొదలుపెట్టి, వివరం ఉన్నచోట చిన్నవిగా చీల్చుకుంటూ పోతుంది. అంతకన్నా పెద్ద మార్పు, రాసే ముందు ఊహిస్తుంది. సంక్రాంతి ముగ్గు సగం పడ్డాక పక్కింటావిడ వచ్చి నిలబడితే, మిగతా సగంలో గీత ఏ చుక్క చుట్టూ తిరుగుతుందో ఆవిడకు చెప్పనక్కర్లేదు కదా. హెచ్‌ఈవీసీ చేసేది అదే. పైన, ఎడమన ఇప్పటికే రాసేసిన చుక్కల వరసను చూసి, అవి ఇదే వాలులో లోపలికి సాగితే ఈ గడి ఎలా ఉంటుందని ఊహిస్తుంది. ఊహకు 35 రకాలున్నాయి. ముప్ఫైమూడు వేర్వేరు కోణాల్లో సాగే గీతలు, ఒకటి సగటు, ఒకటి మెల్లగా మారే నునుపు. వాటిలో దగ్గరగా వచ్చినదాన్ని ఎంచుకుని, ఊహకూ నిజానికీ ఉన్న తేడాను మాత్రమే కొసైన్ తరహా లెక్కతో కుదించి రాస్తుంది. ఊహ కుదిరితే తేడా దాదాపు సున్నా. అంటే ఆ గడికి ఏ ఊహను ఎంచుకుందో తప్ప రాయాల్సింది దాదాపు ఏమీ లేదు.

ఈ ఊహలన్నీ వేసి చూడటానికి చాలా లెక్క కావాలి. ఆ లెక్కను ఫోను చిప్పులో దానికోసమే పెట్టిన భాగం చేస్తుంది. ఐఫోన్ ఆ పనిని ముక్కలుగా పంచుకుంటుంది. పన్నెండు మెగాపిక్సెళ్ల బొమ్మను 512 చుక్కల చదరాలుగా, వరసకు ఎనిమిది చొప్పున ఆరు వరసలు, మొత్తం 48 పలకలుగా కోసి విడివిడిగా కుదించి ఒకే పెట్టెలో పెడుతుంది. మీరు ఫొటోను వేళ్లతో పెద్దది చేసినప్పుడు ఆ మూలనున్న పలకల్ని మాత్రమే విప్పుకోగల వీలుంటుంది.

ఫలితం మాటేమిటంటే, చూడటానికి తేడా తెలియని రెండు ఫొటోల్లో హెచ్‌ఈఐసీది సుమారుగా సగం బరువు. ఈ "సుమారుగా" అన్న మాటను నేను ఊరికే వాడలేదు. మా ఇంటి వెనక సున్నం వేసిన గోడ ఉంది, దాని పక్కన వేపచెట్టు. ఒకే చోట నిలబడి రెండింటినీ ముందు జేపెగ్‌లో, వెంటనే హెచ్‌ఈఐసీలో తీసి చూశాను. గోడ ఫొటో జేపెగ్‌లో ఒకటిన్నర ఎంబీ దాటితే, హెచ్‌ఈఐసీలో అందులో సగం కూడా రాలేదు. వేపచెట్టు జేపెగ్‌లో ఆరు ఎంబీలు దాటింది, హెచ్‌ఈఐసీలో నాలుగు దాటింది. గోడలో ఊహించడానికి అంతా ఉంది. వేపాకుల్లో ఏ ఆకు పక్కన ఏ ఆకు ఏ వాలులో ఉంటుందో ఏ 35 రకాల ఊహకూ అందదు, కాబట్టి తేడాలన్నీ రాసుకోవాల్సిందే. వరిచేను, జనంతో నిండిన జాతర, చీకట్లో తీసిన ఫొటోలో నలకలు, వీటన్నిటి దగ్గరా ఇంతే. సగం అనేది గ్యాలరీ మొత్తం మీద వచ్చే సగటే, ఒక్కో ఫొటోకు ఇచ్చే హామీ కాదు. మీ ఫోనులో ఫొటో తెరిచి కింద ఉన్న `i` గుర్తును నొక్కితే ఆ ఫొటో ఏ పద్ధతిలో ఉందో, ఎన్ని ఎంబీలో కనపడుతుంది. రెండు నిమిషాలు వెచ్చించి మీ గోడనూ మీ చెట్టునూ చూసుకోండి.

ఇక మా అక్క సంగతి. రాజమండ్రిలో ఉంటుంది, 128 జీబీల ఐఫోన్. చోటు చాలడం లేదంటే ఎవరో చెప్పారని సెట్టింగ్స్‌లో `Camera`, అందులో `Formats` తెరిచి, `Most Compatible` మీద ఉన్న టిక్కును `High Efficiency` మీదికి మార్చింది. మర్నాడు నాకు ఫోను.

"ఏరా తమ్ముడూ, అది మారిస్తే సగం చోటు మిగులుతుందన్నారు. ఒక్క జీబీ కూడా ఖాళీ కాలేదేంట్రా?"

"అది ఇకముందు తీసేవాటికేనే అక్కా. ఇప్పటిదాకా తీసినవి ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి."

"మరి ఫోను కొన్నప్పుడు ఇది వేరేలా ఉండేదట కదా. ఎవరు మార్చారు?"

ఆరా తీస్తే తేలింది. ఇంట్లో పెళ్లప్పుడు ఆల్బమ్ కోసం ఫొటోలు స్టూడియోకి తీసుకెళ్తే, అక్కడి కంప్యూటర్లో అవి తెరుచుకోలేదట. స్టూడియో అబ్బాయి సాయం చేసే ఉద్దేశంతోనే ఫోను తీసుకుని `Most Compatible` పెట్టేశాడు. అప్పటినుంచి అక్క తీసినవన్నీ జేపెగ్‌లో పడుతూ వచ్చాయి. ఆ ఒక్క టిక్కు ఖరీదెంతో లెక్కవేద్దామని ఇద్దరం కూర్చున్నాం.

ఆ తర్వాత ఆమె తీసిన ఫొటోలు సుమారు ఎనిమిది వేలు. సగటున మూడున్నర ఎంబీలు వేసుకుంటే 28 జీబీలు. హెచ్‌ఈఐసీలో సగటున 1.8 ఎంబీలు అనుకుంటే 14 జీబీల పైచిలుకు అయ్యేది. అంటే ఫొటోల మీద 13 జీబీలకు పైగా పోయాయి. ఇక్కడిదాకా అక్క కూడా ఊహించింది. ఆమె ఊహించనిది వీడియోలు. ఆ టిక్కు పేరుకు ఫొటోల దగ్గర ఉన్నా, వీడియోల్నీ అదే నడుపుతుంది. `High Efficiency`లో ఉంటే వీడియోలు హెచ్‌ఈవీసీలోనూ, `Most Compatible`లో ఉంటే పాత హెచ్.264 పద్ధతిలోనూ పడతాయి. నిమిషం నిడివికి ఎంతవుతుందో ఆపిల్ సెట్టింగ్స్‌లోనే రాసిపెట్టింది. మామూలు 1080పి వీడియో, సెకనుకు 30 ఫ్రేములు, కొత్త పద్ధతిలో నిమిషానికి 60 ఎంబీలు, పాత పద్ధతిలో 130. అదే 4కె అయితే 170, 350. ఆ తర్వాత తీసిన సీమంతం, బారసాల, మనవడి అడుగులు అన్నీ కలిపి అక్క దగ్గర 200 నిమిషాల వీడియో ఉంది. 130 చొప్పున 26 జీబీలు. 60 చొప్పున అయితే 12 జీబీలే. ఇక్కడ మరో 14 జీబీలు.

మొత్తం 27 జీబీలకు పైనే. 128 జీబీల ఫోనులో అయిదో వంతు కన్నా ఎక్కువ. పైగా మూడు గంటల ఇరవై నిమిషాల వీడియో మీద పోయిన చోటు, ఎనిమిది వేల ఫొటోల మీద పోయినదానికి సమానం. ఎవరైనా చోటు గురించి అడిగితే నేను ముందు వీడియోల సంగతే అడగడానికి కారణం ఇదే. ఇక వాట్సాప్‌లో వచ్చిన పది వేల గుడ్ మార్నింగ్‌లు, పెళ్లిపత్రికలు ఆమె అనుకున్నంత దోషులు కావు. వాట్సాప్ పంపేముందే ఫొటోను బాగా చిన్నది చేసి జేపెగ్‌గా మారుస్తుంది కాబట్టి ఒక్కోటీ రెండు వందల కేబీల చొప్పున చూసినా రెండు జీబీలే. అయితే వచ్చినవాటిని గ్యాలరీలో కూడా దాచమని వాట్సాప్‌కు చెప్పి ఉంటే, ఐఫోన్‌లో అవి వాట్సాప్ లోపల ఒకసారి, గ్యాలరీలో ఇంకోసారి చోటు తీసుకుంటాయి. అలా గ్యాలరీలో దాచడాన్ని ఆపించాను.

తర్వాత అక్క అడిగింది అందరూ అడిగేదే. "అయితే ఈ ఎనిమిది వేలనూ ఇప్పుడు హెచ్‌ఈఐసీలోకి మార్చేద్దామా?" మార్చే యాప్‌లు బోలెడున్నాయి. వద్దన్నాను. వద్దనడానికి గట్టి కారణమే ఉంది. జేపెగ్ ఒకసారి పారేసిన వివరం మళ్లీ రాదు. దాని బదులు ఆ ఫొటోలో ఎనిమిది చుక్కల గళ్ల అంచులు, గీతల చుట్టూ సన్నటి అలల్లాంటి మరకలు మిగిలి ఉంటాయి. మామూలుగా చూస్తే కనపడవు, కానీ కొత్త పద్ధతికి అవి కూడా బొమ్మలో భాగమే. వాటిని కూడా నమ్మకంగా రాయడానికి చోటు ఖర్చుపెడుతుంది, లేదా వాటితోపాటు అసలు వివరాన్ని కూడా ఇంకొంచెం నునుపు చేసేస్తుంది. కెమెరా నుంచి నేరుగా హెచ్‌ఈఐసీలో పడిన ఫొటోకు వచ్చే లాభం, జేపెగ్ మీదుగా వచ్చినదానికి రాదు. ఇంకో చిక్కు తేదీలది. కొన్ని యాప్‌లు మార్చేటప్పుడు ఫొటో తీసిన తేదీని, చోటును వదిలేస్తాయి. అప్పుడు పదేళ్ల ఫొటోలన్నీ ఇవాళ తీసినట్టుగా గ్యాలరీ అడుగున వచ్చి కూర్చుంటాయి. మనవడి బారసాల, నాన్నగారి సంవత్సరీకం ఒకే రోజున కనపడే గ్యాలరీ ఎవరికి కావాలి? పాతవి ఏ పద్ధతిలో తీశారో ఆ పద్ధతిలోనే ఉండాలి. చోటు కావాలంటే వాటిని హార్డ్ డిస్కులోకి తరలించాలి తప్ప తిరగరాయకూడదు.

తరలించేటప్పుడు ఇంకో ముడి ఉంది. ఐఫోన్‌ను కేబులుతో విండోస్ కంప్యూటరుకు కలిపి ఫొటోలు కాపీ చేస్తే, మామూలుగా ఫోను వాటిని దారిలో జేపెగ్‌గా మార్చి ఇస్తుంది. `Photos` యాప్ సెట్టింగ్స్‌లో అట్టడుగున `Transfer to Mac or PC` అని ఉంటుంది. అక్కడ `Automatic` ఉంటే జరిగేది అది. మీరు ఫోనులో మిగిల్చిన సగం చోటు హార్డ్ డిస్కులో మళ్లీ ఖర్చవుతుంది, పైగా ఒకసారి అదనంగా కుదింపు పడుతుంది. చాలా ఫొటోలు ఒకేసారి కాపీ పెట్టినప్పుడు మధ్యలో `A device attached to the system is not functioning` అని ఆగిపోవడం కూడా చాలామందికి అనుభవమే. కేబులు పాడైందనుకుని కొత్తది కొంటారు. తరచుగా ఇబ్బంది కేబులుది కాదు, దారిలో జరిగే ఆ మార్పిడిది. `Keep Originals` ఎంచుకుంటే ఫొటోలు ఉన్నవున్నట్టు, త్వరగా దిగుతాయి. ఆ తర్వాత విండోస్‌లో అవి తెరుచుకోవాలంటే మైక్రోసాఫ్ట్ స్టోరు నుంచి రెండు చేర్పులు కావాలి. పెట్టెను తెరిచేది ఉచితం, లోపలి హెచ్‌ఈవీసీని చదివేదానికి మాత్రం కొద్దిపాటి ధర పెట్టారు. ఎందుకంటే హెచ్‌ఈవీసీ మీద చాలా కంపెనీలకు పేటెంట్లున్నాయి, వాడుకున్నవాళ్లు రుసుము కట్టాలి. జేపెగ్ ముప్ఫై ఏళ్లుగా అన్ని చోట్లా ఉచితంగా తెరుచుకుంటుంటే, దానికన్నా మెరుగైనది ఇన్నేళ్లయినా అన్ని బ్రౌజర్లలో కనపడకపోవడానికి లెక్క కారణం కాదు, ఈ రుసుములే పెద్ద కారణం. సాంకేతికంగా మంచిదాన్ని ఇలా గేటు వెనక పెట్టడం నాకు నచ్చని విషయం.

ఆ గేటు దగ్గర నిజంగా దెబ్బతిన్నవాళ్లున్నారు. 2020 మేలో కరోనా కారణంగా అమెరికాలో కాలేజ్ బోర్డు తన అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షల్ని ఇళ్ల నుంచే రాయించింది. కాగితం మీద రాసిన జవాబును ఫొటో తీసి పంపొచ్చన్నారు. ఐఫోన్‌తో తీసిన కొందరి ఫొటోలు హెచ్‌ఈఐసీలో ఉండటంతో ఆ సైటు తీసుకోలేదు. గడియారం నడుస్తూ ఉండగా ఆ పిల్లలు జవాబులు పంపలేక, మళ్లీ పరీక్ష రాయాల్సి వచ్చింది. మన దగ్గర బ్యాంకు ఉద్యోగాలకు ఐబీపీఎస్ దరఖాస్తులో ఫొటో జేపెగ్‌లో, 20 నుంచి 50 కేబీల మధ్య ఉండాలంటారు. హెచ్‌ఈఐసీ ఫైలు పేరు చివర `.jpg` అని మార్చి పెడితే సరిపోతుందని కొందరు సలహా ఇస్తుంటారు. సరిపోదు. పేరు మారుతుంది, లోపలి రాత మారదు. లోపల ఏముందో చూడాలంటే మ్యాక్‌లోనో లినక్స్‌లోనో ఇలా మొదటి పన్నెండు బైట్లు చూస్తే చాలు:

```
xxd -l 12 photo.jpg
```

నిజమైన జేపెగ్ `ffd8 ff` అంకెలతో మొదలవుతుంది. పేరు మార్చిన హెచ్‌ఈఐసీలో కుడివైపున `ftypheic` అని అక్షరాలే కనపడతాయి.

కుదించినదాన్ని ఇంకోలా కుదించడం ఎప్పుడూ లాభం కాదన్నదానికి 2019లో గూగుల్ ఫొటోస్‌లో ఓ మంచి ఉదాహరణ దొరికింది. అప్పట్లో కొద్దిగా నాణ్యత తగ్గించిన ఫొటోల్ని అది ఎన్నయినా ఉచితంగా దాచేది. ఐఫోన్ నుంచి వచ్చిన హెచ్‌ఈఐసీల్ని జేపెగ్‌లోకి మారిస్తే చిన్నవవడం పోయి పెద్దవవుతుండటంతో, వాటిని అసలు నాణ్యతలోనే ఉంచేసేది. గూగుల్ సొంత పిక్సెల్ ఫోను వాడేవాళ్లకు కూడా ఆ ఏడాది కొత్త మోడల్లో దక్కని సౌకర్యం ఐఫోన్‌వాళ్లకు దక్కిందని జనం పసిగట్టారు. అది లోపమనీ సరిదిద్దుతామనీ గూగుల్ చెప్పింది. 2021 జూన్ నుంచి ఆ ఉచితమే పోయింది.

శాంసంగ్‌లాంటి ఆండ్రాయిడ్ ఫోన్లలో కూడా కెమెరా సెట్టింగ్స్‌లో `High efficiency pictures` అని ఉంటుంది. మామూలుగా ఆపి ఉంటుంది కాబట్టి మనమే వెతికి పెట్టుకోవాలి. 48 మెగాపిక్సెళ్ల ఫొటోలు తీసేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. ఐఫోన్ ప్రో మోడళ్లలో ఆపిల్ చెప్పిన లెక్క ప్రకారం అలాంటి ఫొటో జేపెగ్‌లో పది ఎంబీలు, హెచ్‌ఈఐఎఫ్‌లో అయిదు. అదే ప్రోరాలో 75 దాకా పోతుంది. ఆ చివరిది ఫొటోను తర్వాత కూర్చుని దిద్దుకునేవాళ్ల కోసం పెట్టింది. ఇంట్లో వాడుకకు దాన్ని ఆన్ చేసి ఉంచితే ఫోను త్వరగా నిండుతుంది.

అక్క ఫోనులో ఇప్పుడు `High Efficiency` ఉంది. వీడియోలు ఒకసారి, ఫొటోలు ఒకసారి `Keep Originals` పెట్టి డిస్కులోకి దించాం, రెండో కాపీ బావగారి కంప్యూటర్లో ఉంది. రెండు చోట్లా తెరుచుకుంటున్నాయని కొన్నిటిని తెరిచి చూసుకున్నాకే ఫోనులోంచి పాత వీడియోలు తీసేశాం. స్టూడియో అవసరం మాత్రం ఉండనే ఉంటుంది. దానికి ఆల్బమ్‌లో వేయాలనుకున్న ఫొటోల్ని మాత్రమే గ్యాలరీలో కాపీ చేసి `Files` యాప్‌లో పేస్టు చేస్తే చాలు, ఆ కాపీలు జేపెగ్‌లుగా పడతాయి. మ్యాక్ ఉన్నవాళ్లు ఒకే కమాండుతో చేసుకోవచ్చు:

```
sips -s format jpeg IMG_0001.HEIC --out IMG_0001.jpg
```

ఆరంగుళాలు నాలుగంగుళాల ప్రింటుకు, అంగుళానికి 300 చుక్కల లెక్కన 1800 చుక్కల పొడవు, 1200 చుక్కల వెడల్పు చాలు. పన్నెండు మెగాపిక్సెళ్ల ఫొటోలో అంతకు అయిదు రెట్లకు పైగా చుక్కలున్నాయి. కాబట్టి ప్రింటు కోసం తీసిన జేపెగ్ కాపీలో పోయే కొద్దిపాటి వివరం కాగితం మీద కనపడదు. ప్రింట్లు వచ్చాక ఆ జేపెగ్ కాపీల్ని చెరిపెయ్యమన్నాను, అసలువి గ్యాలరీలో ఉన్నాయి కాబట్టి. అక్క మొన్న ఇరవై ఫొటోలు అలా తీసి పెన్‌డ్రైవులో వేసి తీసుకెళ్లింది. ఈసారి స్టూడియోవాళ్లు ఆమె ఫోను అడగలేదు.